సున్నా వస్తే వెనక్కి

పేరులో దానం ఉంది గానీ చేతిలో అరమార్కు లేదని ఏసుదానం మాస్టారి మీద పిల్లలు పాతికేళ్ళుగా వేసుకునే జోకు. అది ఆయన చెవిన పడకపోలేదు. పడినప్పుడల్లా పైకి కళ్ళెర్రజేసి లోపల్లోపల మురిసిపోయేవారు. విజయనగరం నుంచి శ్రీకాకుళం పోయే హైవే పక్కన, జీడితోటల మధ్య లేచిన ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన మేథ్స్ లెక్చరర్. ఆ కాలేజీకి ప్రిన్సిపాళ్ళు ఆరుగురు మారారు, బోర్డు మీద పేరు రెండుసార్లు మారింది, ఫస్టియర్ క్లాసులో చాక్‌పీసు పట్టుకునే మనిషి మాత్రం మారలేదు.

తండ్రి బాప్టిస్టు మిషన్ స్కూల్లో అటెండరు. పరీక్షల రోజుల్లో ప్రశ్నపత్రాల కట్ట రాత్రంతా ఆ ఇంటి ట్రంకుపెట్టెలో ఉండేదట. పెట్టెకి తాళం ఉండేది కాదు. అదే పరీక్ష రాయాల్సిన కొడుకు ఆ పెట్టె పక్కనే చాప వేసుకుని పడుకునేవాడు. "ముట్టుకోమని ఎవుడూ సెప్పడు, ముట్టుకోవద్దనీ ఎవుడూ సెప్పడు. అక్కడే తెలుస్తాది నువ్వేటో," అనేవాడు తండ్రి. ఆ మాట తిని పెరిగిన మనిషి ఏసుదానం. చుట్టాల పిల్లలు తన పేపర్లో ఫెయిలయితే పెళ్ళిళ్ళలో ఆయన పక్కన కూర్చోవడం మానేసినవాళ్ళున్నారు. అయినా ఆయన చెయ్యి జారలేదు.

ఆయన పాఠాల్లో పిల్లలు ఎక్కువ భయపడేది ఐగెన్ వాల్యూల లెక్కకి. ఆయన మాత్రం దాన్ని కథలా చెప్పేవారు. మాట్రిక్స్ అంటే పిండిమర లాంటి యంత్రం అనుకోండి. అందులో ఒక వెక్టరు వేస్తే దిక్కు మారిపోయి బయటికొస్తుంది. కొన్ని వెక్టర్లు మాత్రం మహా మొండివి, వాటి గీత మీంచి అవి కదలవు. పొడవు పెరుగుతుంది, తగ్గుతుంది, తిరగబడుతుంది, గీత మాత్రం అదే. ఆ మొండిది ఐగెన్ వెక్టర్. ఎన్ని రెట్లయిందో చెప్పే అంకె ఐగెన్ వాల్యూ. దాని పేరు లాంబ్డా. "మన ఊరి మనుషులే అనుకోండర్రా," అనేవారు. క్లాసంతా నవ్వేది.

నవ్వు అక్కడిదాకానే. లెక్కలోకి దిగాక ఎవరి గొయ్యి వాళ్ళు తవ్వుకునేవారు. లాంబ్డాల కోసం కట్టే ఈక్వేషన్లో ప్లస్సు, మైనస్సు వంతులవారీగా రావాలి. ఒక దగ్గర మైనస్సు మింగేస్తే దాని రూట్లు, అంటే లాంబ్డాలు, అన్నీ తలకిందులు. మూడు వరసల మాట్రిక్సుకి రూట్లు మూడు. ఒకే అంకె రెండుసార్లు వస్తే ఒకసారి రాసి చేతులు దులుపుకునేవారు. ఇంకొందరు ఈక్వేషన్లో అన్ని చోట్లా లాంబ్డా ఉంది కదా అని దాన్ని కొట్టేసి, దాంతోపాటు ఒక రూటునీ పారేసుకునేవారు. వీటన్నిటికీ పైన సున్నా వెక్టరు. తప్పు లాంబ్డాతో లెక్క చేస్తే చివరికి ఎక్స్ సున్నా, వై సున్నా, జెడ్ సున్నా అని వస్తుంది. అదే ఐగెన్ వెక్టర్ అని రాసి, కింద రెండు గీతలు కొట్టి, పైగా డబ్బా కట్టి వచ్చేవారు.

"ఒరే, సున్నా వెక్టరు ప్రతి లాంబ్డాకీ సరిపోతాదిరా. అడిగిన ప్రతివాడి తరఫునా సాక్ష్యం చెప్పేవాడు సాక్షేట్రా? కోర్టులో కొట్టి తోలేస్తారు," అని అరిచేవారు. అరిచి అరిచి విసిగి, చివరికి ఒక సూత్రం తయారుచేశారు. సున్నా వస్తే వెనక్కి. సున్నా వచ్చిందంటే నీ లాంబ్డా తప్పు. మార్జిన్లో సున్నా చుట్టూ గుండ్రంగా గీసి, ఎడమకి ఒక బాణం గుర్తు పెట్టి, వెనక్కెళ్ళి ప్లస్సు మైనస్సులు చూసుకో. పిల్లలకి అది మంత్రంలా పట్టుబడింది. పాసయ్యేవాళ్ళ సంఖ్య పెరిగింది. మొదట్లో దాంతోపాటు ఇంకో మాట కూడా చెప్పేవారు: సున్నా కాకూడనిది వెక్టరు, లాంబ్డా సున్నా అయితే దోషం లేదు. ఆ తేడా చూపించడానికి ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించేవారు. రానురాను సెమిస్టర్లు కురచబడ్డాయి, పిల్లలు బలహీనపడ్డారు, ఆ రోజు కాస్తా గంటయింది, గంట కాస్తా ఒక వాక్యమయింది.

తులసి ఆయన దగ్గరికి వచ్చేనాటికి ఆ వాక్యం కూడా మిగల్లేదు.

తులసిది కళింగపట్నం. తల్లి రేవులో చేపలు ఎండబెట్టుకునే మనిషి. 2017లో ఎలక్ట్రికల్ బ్రాంచిలో చేరింది. మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, చేతికి షాకు కొట్టే ల్యాబులు, అన్నీ పాసయింది. ఫస్టియర్ మేథ్స్ ఒక్కటే పట్టుకుంది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, పదకొండుసార్లు తప్పింది. చేరిన ఎనిమిదేళ్ళలోపు అన్నీ పూర్తవకపోతే అంతకుముందు పాసయినవన్నీ కూడా రద్దని యూనివర్సిటీ నిబంధన. 2025లో ఆ ఎనిమిదో ఏడు వచ్చేసింది. మిగిలింది ఒకే ఒక్క సప్లిమెంటరీ.

అప్పటికి ఆ పిల్ల భోగాపురంలో ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని సామాను వివరాలు ఎక్కించే పని చేస్తోంది. కేబుల్ వేసేచోట ఒకరోజు ఇంజనీరు కన్నా ముందు తప్పు కనిపెట్టిందట. "సర్టిఫికెట్టు తెచ్చుకో తులసీ, జూనియర్ ఇంజనీరు సీటు నీకోసం దసరాదాకా ఆపుతాను," అన్నాడు అక్కడి మేనేజరు. ఎనిమిదేళ్ళలో ఆ పిల్లని చూసి నువ్వు పనికొస్తావన్న మొదటి మనిషి అతనే.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక తులసి చర్చి గేటు దగ్గర నిలబడి ఉంది. మాస్టారి కంటే ముందు ఆయన భార్య రూబీ చూసింది. రూబీ పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మొహం చూస్తే చాలు నొప్పెక్కడో చెప్పేస్తుంది.

"సారూ, నాను తులసిని. మీ కాడ సదువుకున్నాను. గేపకం ఉండదు లెండి, ఎనకబెంచీలో కూకునేదాన్ని," అంది.

"ఫెయిలయినోళ్ళంతా నాకు గేపకమే," అన్నారు మాస్టారు.

"ఏవండీ!" అని రూబీ కసిరింది. "నువ్వు రామ్మా, ఎండలో నిలబెట్టి ఏటా మాటలు."

ఆరు ఆదివారాలున్నాయి పరీక్షకి. తులసి పొద్దున్నే భోగాపురంలో బస్సెక్కి వచ్చేది. రూబీ పెట్టిన ఉప్మా తిని, వరండాలో మాస్టారి పక్కన కూర్చునేది. పక్క కుర్చీలో మిగతా పాఠాల నోటు పుస్తకాలు. మాస్టారు ఉన్నదున్నట్టు చెప్పేశారు: పేపరంతా నీకు రాదు, రానక్కర్లేదు, రెండు లెక్కలు పూర్తిగా, మిగతావి సగం సగం. ఆ రెండింటిలో ఒకటి ఐగెన్ లెక్క. ఎప్పుడూ వస్తుంది, పద్నాలుగు మార్కులు.

మొదటి ఆదివారం చిన్న లెక్క ఇచ్చారు. పై వరసలో నాలుగు, ఒకటి. కింది వరసలో రెండు, మూడు. లాంబ్డా స్క్వేర్ మైనస్ ఏడు లాంబ్డా ప్లస్ పది రావాలి. తులసి మైనస్ ఏడుని ప్లస్ ఏడు చేసింది. రూట్లు ఐదు, రెండు రావాల్సింది మైనస్ ఐదు, మైనస్ రెండు వచ్చాయి. మైనస్ రెండు పెట్టి వెక్టరు కట్టబోతే ఎక్స్ సున్నా, వై సున్నా. దానికి చక్కగా డబ్బా కట్టి ఇచ్చింది.

"ఓలమ్మో, డబ్బా కూడా కట్టేసినావా?" అన్నారు మాస్టారు.

"అదే వచ్చినాది సారూ. వచ్చింది రాసినాను."

"వచ్చిందల్లా రాసేస్తే మరి నువ్వెందుకు, గుంటా? సున్నా వచ్చిందంటే ఆ లాంబ్డాకి మొండి వెక్టరు లేనట్టే. అంటే అది లాంబ్డాయే కాదు. ఏటి సెయ్యాల?"

"వెనక్కెల్లాల."

"మార్జిన్లో గుర్తెట్టు. సున్నా, బాణం. ఊఁ, వెళ్ళు."

వెళ్ళింది. మింగేసిన మైనస్సు దొరికింది. ఐదుకి వెక్టరు ఒకటి, ఒకటి. రెండుకి ఒకటి, మైనస్ రెండు. తన లెక్క తప్పని తనే పట్టుకుని, తనే దిద్దుకోవడం ఆ పిల్లకి జీవితంలో అదే మొదలు. మొహం వెలిగిపోయింది. "సున్నా మంచిదే సారూ, చెప్పేస్తాది," అంది. అప్పుడు మాస్టారి నోటిదాకా ఆ రెండో మాట వచ్చింది, లాంబ్డా సున్నా కావచ్చునని. చెప్పబోయి ఆగిపోయారు. ఇప్పుడిప్పుడే ఒకటి పట్టుబడుతోంది, రెండోది చెప్తే రెండూ కలగాపులగం చేస్తుంది, అలాంటి మాట్రిక్సు పాత పేపర్లలో ఎక్కువ రాలేదు, ఎందుకులే అనుకున్నారు. పాతికేళ్ళ అనుభవం ఉన్న మనిషి లెక్కకట్టి, తూచి, మంచికే అనుకుని మానేసిన మాట అది.

ఆరో ఆదివారానికి తులసి మూడు వరసల మాట్రిక్సుని తడుముకోకుండా చేస్తోంది. రూట్లు మూడూ వచ్చాయా లేదా అని వేళ్ళు మడిచి లెక్కపెట్టుకునేది. రెండుసార్లు వచ్చిన అంకెకి రెండు వేర్వేరు వెక్టర్లు దొరుకుతాయేమో అని వెతికేది. వెళ్ళేముందు కాళ్ళకి దణ్ణం పెట్టబోతే మాస్టారు వెనక్కి జరిగారు.

"పరీక్ష రాసినాక నాకు ఫోన్ సెయ్యకు. పేపర్లు దిద్దడానికి పోయే మనిషిని. ఏటి రాసినావో నాకు తెలియకూడదు."

"అలాగే సారూ," అంది. చెయ్యలేదు కూడా.

దిద్దుబాటు శిబిరం యూనివర్సిటీలో పెద్ద హాల్లో జరిగింది. జవాబు పుస్తకాల మీద పేరుండదు, నంబరు చింపేసి కోడు వేస్తారు. కొత్త సిలబస్సు కట్టలు కొండల్లా ఉన్నాయి. పాత సిలబస్సు వాళ్ళవి మాత్రం అంతా కలిపి ఒక్క కట్ట, నలభై రెండు పుస్తకాలు. సీనియర్ కదా అని అది ఏసుదానం మాస్టారికే ఇచ్చారు. చీఫ్ ఎగ్జామినర్ జయకృష్ణ ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నవాడే. "మీకైతే కళ్ళు మూసుకుని ఇవ్వొచ్చు సార్," అని కట్ట చేతిలో పెట్టాడు.

ఐగెన్ లెక్క ఏమొచ్చిందో మాస్టారు అప్పుడే చూశారు. ఐమూలగా మూడు రెండ్లు, మిగతా చోట్లన్నీ మైనస్ ఒకటి. చూడగానే నోటికి వచ్చేసింది: సున్నా, మూడు, మూడు. 'వచ్చిందేటి, ఇదే వచ్చిందేటి,' అని గొణుక్కున్నారు.

ఇరవై ఆరో పుస్తకంలో ఆ పేజీ కనబడింది.

ఈక్వేషన్ సరిగ్గా ఉంది. లాంబ్డా క్యూబ్ మైనస్ ఆరు లాంబ్డా స్క్వేర్ ప్లస్ తొమ్మిది లాంబ్డా. గుర్తులన్నీ వాటి వాటి చోట్ల. లాంబ్డాని కొట్టెయ్యలేదు, బయటికి తీసింది. సున్నా, మూడు, మూడు. ముందు మూడు తీసుకుని, దానికి ఒకటి కాదు రెండు వెక్టర్లు కట్టింది, రెండూ రైటే. తర్వాత సున్నా దగ్గరికి వచ్చింది. వచ్చి ఆగిపోయింది. మార్జిన్లో సున్నా చుట్టూ గుండ్రంగా గీత, ఎడమకి బాణం. పేజీ మొత్తం మీద ఈ మూల నుంచి ఆ మూలకి రెండు అడ్డగీతలు, కాగితం చిరిగేంత గట్టిగా.

కింద మళ్ళీ మొదలుపెట్టింది. లేని తప్పుని వెతుక్కుంటూ, ఈక్వేషన్ చివరి అంకెనిచ్చే డిటర్మినెంటు మళ్ళీ కట్టింది. సున్నా రాకూడదనుకున్న చెయ్యి ఈసారి ఒక మైనస్సుని ప్లస్సు చేసేసింది. సున్నా పోయి ఆరొచ్చింది. ఆ ఆరుతో కొత్త ఈక్వేషన్. ఒకటి పెట్టి చూసింది, రెండు పెట్టింది, మూడు పెట్టింది, ఆరు పెట్టింది. ఏదీ సరిపోలేదు. సరిపోదు మరి. మళ్ళీ ఒకటి పెట్టింది. అక్కడ టైమయిపోయింది.

మాస్టారికి చేతివాత చూడాల్సిన పని లేకపోయింది. ఆ బాణం చాలు, పాత సిలబస్సులో ఇంకా మిగిలిన తన శిష్యురాలు తులసి ఒక్కతే. ఎర్ర పెన్ను మూత పెట్టి, కళ్ళజోడు తీసి, మొహం తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. కొట్టేసిన పేజీకి మార్కులేస్తే పద్నాలుగుకి పది. కింద ఉన్న దానికి మూడు. మిగతా పేపరంతా రెండుసార్లు కూడారు. ఆ పేజీ లేకపోతే ఇరవై మూడు, ఉంటే ముప్పై. పాసుకి ఇరవై ఎనిమిది.

పుస్తకం పట్టుకుని జయకృష్ణ టేబుల్ దగ్గరికి వెళ్ళారు. ఆయన ఒక పేపరు గురించి అడగడానికి లేచి వెళ్ళడం ఆ హాల్లో ఎవరూ ఎరగరు.

"ఇది చూడు జయకృష్ణా. కొట్టేసింది గానీ, చేసిందంతా రైటు."

జయకృష్ణ చూశాడు. "రైటే సార్. పాపం, సున్నా చూసి భయపడినట్టుంది. కానీ కింద ఇంకో జవాబు ఉంది కదా."

"ఉంది."

"కొట్టేసింది కొట్టేసినట్టే. కింది జవాబే దిద్దాలి. ఈ రూలు మాకు నేర్పింది మీరే కదండీ. పదేళ్ళ కిందట ఇదే హాల్లో లేచి నిలబడి పోట్లాడారు. పిల్లాడు వద్దన్నదాన్ని మనం ఏరుకొచ్చి మార్కులేస్తే, రేపు రెండేసి జవాబులు రాసి ఏది కావాలో మీరే ఏరుకోండంటాడు అన్నారు." నవ్వబోయి, మాస్టారి మొహం చూసి ఆగిపోయాడు. గొంతు తగ్గించాడు. "తెలిసినవాళ్ళా సార్?"

ఆ ఒక్క ప్రశ్నకి అవునంటే ఆ పుస్తకం ఇంకొకరి చేతికి పోతుంది. కాదంటే అబద్ధం. "కోడు మీద పేరుంటుందేటి?" అన్నారు మాస్టారు. అది అవునూ కాదు, కాదూ కాదు. అలాంటి మాట ఆయన నోట రావడం కూడా అదే మొదటిసారి.

"మీ ఇష్టం సార్. మీరు వేస్తే నేను అడగను," అన్నాడు జయకృష్ణ.

తాళం లేని ట్రంకుపెట్టె మళ్ళీ ఆయన పక్కకి వచ్చింది. తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆ హాల్లో ఆ పూట అంతా గలగలా కాగితాలు తిరుగుతూనే ఉన్నాయి. ఆయన ముందున్న పేజీ మాత్రం తిరగలేదు. వెయ్యాలని ఉంది. దేవుడి మీద ఆన, వెయ్యాలనే ఉంది. కానీ ఆ కట్టలోనే పదకొండో పుస్తకంలో ఇంకెవరో కొట్టేసిన సగం లెక్క ఉంది. దానికి తను వెయ్యలేదు. ఇరవయ్యో దానిలోనూ అంతే. వాళ్ళ అమ్మలు కూడా ఎక్కడో ఏదో ఎండబెట్టుకుంటూనే ఉంటారు. చివరికి పెన్ను మూత తీసి, కింది జవాబు పక్కన మూడు వేశారు. అట్ట మీద ఇరవై మూడు అని రాసి సంతకం పెట్టారు. ఆ సంతకం ఆయన మామూలు సంతకంలా లేదు.

ఇంటికొచ్చి అన్నం కలిపి, కలిపినట్టే వదిలేస్తే రూబీ అడిగింది. దాచుకోలేక చెప్పేశారు.

"ఐదు మార్కులే కదండీ," అంది రూబీ.

"ఐదే."

"తప్పు మీది. శిచ్ఛ దానికా?"

"తప్పు నాదని మార్కులేస్తే, నా పిల్లలకొక తూకం, పరాయి పిల్లలకొక తూకమా?"

"ఏమో. నాకు మీ తూకాలు తెలవవు," అని కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ మనిషి ఆయనతో అంత చల్లగా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆ తర్వాతి నెలన్నర మాస్టారు క్లాసుకి వెళ్ళారు, వచ్చారు. కొత్త ఫస్టియర్ వాళ్ళకి ఐగెన్ పాఠం వచ్చినప్పుడు ఆ సూత్రం చెప్పలేదు. సున్నా వెక్టరుకీ సున్నా లాంబ్డాకీ తేడా చెప్పడానికి రెండు రోజులు తీసుకున్నారు. సిలబస్సు వెనకబడిందని డిపార్ట్‌మెంటు హెడ్డు నసిగితే, "పడనీ," అన్నారు.

ఫలితాలొచ్చాయి. తులసి ఫోన్ చెయ్యలేదు. మాస్టారే చేసి, పునఃపరిశీలనకి పెట్టమన్నారు. పెట్టింది. కొట్టేసిన పేజీని రెండోవాళ్ళూ ముట్టుకోలేదు. మార్పు లేదని వచ్చింది. ఈ కొట్టివేతకి కారణం బోధించిన నేనేనని, అమ్మాయి తప్పు కాదని, తన పేరూ సంతకంతో యూనివర్సిటీకి మాస్టారు ఒక ఉత్తరం రాశారు. అందిందని జవాబొచ్చింది, అంతే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని ఆయనకి తెలుసు, అయినా పట్టుకున్నారు.

దసరా వెళ్ళిన ఆదివారం తులసి వచ్చింది. యూనివర్సిటీ నుంచి జవాబు పుస్తకం జెరాక్సు తెప్పించుకుంది. సీటు ఇంకొకరికి ఇచ్చేశారని మామూలుగానే చెప్పింది. పాత పనిలోనే ఉంది, కొత్తగా వచ్చిన జూనియర్ ఇంజనీరు కుర్రవాడికి కేబుళ్ళ లిస్టు అర్థంకాకపోతే తనే చెప్తోందట.

"ఇంక రాసేదేటీ లేదు సారూ. ఊరికే తెలుసుకుందారని. మిగతావి నాకు రావు, సరే. ఈ ఐగెన్ లెక్కలో మీరు సెప్పినట్టే సేసినాను. సున్నా వచ్చినాది, గుర్తెట్టినాను, వెనక్కెల్లినాను. ఎంత ఎతికినా దొరకలేదు. ఎక్కడ తప్పినాను సారూ? అది తెలీకపోతే నాకు నిద్దర పట్టదు."

మాస్టారు జెరాక్సు తీసుకోలేదు. దానిలో ఏముందో ఆయనకి కంఠతా వచ్చు.

"నువ్వు తప్పలేదమ్మా."

"మరి?"

"సున్నా కాకూడనిది వెక్టరు. లాంబ్డా సున్నా కావచ్చు. అక్కడ వెక్టరు ఒకటి, ఒకటి, ఒకటి. యంత్రంలో వేస్తే అణిగిపోయి సున్నా అయిపోతాది, అంతే. వెక్టరు మాత్రం సున్నా కాదు. ఈ మాట నేను నీకు చెప్పలేదు. తెలిసే చెప్పలేదు. చెప్తే నువ్వు తికమక పడతావనుకున్నాను." మాస్టారు ఆ పిల్ల వైపు తిరిగి కూర్చున్నారు. "ఇంకొకటి. ఆ పేపరు దిద్దింది నేనే. నీదని తెలిసే దిద్దినాను. కొట్టేసినదానికి వెయ్యకూడదని వెయ్యలేదు."

రూబీ గుమ్మంలో టీ గ్లాసులు పట్టుకుని నిలబడిపోయింది. తులసి కాగితం వైపే చూస్తోంది. కోపం వస్తుందని, అరుస్తుందని, తిట్టి వెళ్ళిపోతుందని మాస్టారు ఎదురుచూశారు. తిడితే బాగుండునని కూడా ఉంది ఆయనకి.

"అయితే ముందు నాను సేసింది రైటేనా?" అంది తులసి.

"రైటే."

"అంతానా?"

"రాసినంతవరకూ అంతా. అక్షరం కూడా తప్పులేదు."

తులసి జెరాక్సుని ఆయన ఒళ్ళో పెట్టింది. టేబుల్ మీదున్న ఎర్ర పెన్ను తీసి చేతికిచ్చింది. "కొట్టీకపోతే ఎన్నేద్దురు సారూ? ఎయ్యండి. ఇది యూనివర్సిటీకి కాదు కదా, నాకే."

మాస్టారు పెన్ను మూత తీశారు. అడ్డగీతల పక్కన పది అని రాశారు. ఆ పిల్ల పెదాలు కదుపుతూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది, ఇరవై మూడులో మూడు తీసేసింది, పది కలిపింది. ఇంకోసారి మొదటినుంచి లెక్కపెట్టింది.

"ముప్పై," అంది. "పాసయిపోనాను సారూ."

అని, ఎనిమిదేళ్ళుగా ఏ ఫలితం రోజునా ఏడవని మనిషి, ఆ కాగితం గుండెకి అదుముకుని రూబీ భుజం మీద పడి ఏడ్చింది.